మరిగించినా చావని బ్యాక్టీరియా: ఎండోస్పోర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బాగా మరిగించాం, స్పిరిట్‌తో తుడిచాం, ఇక క్రిములుండవు అనుకుంటాం. చాలా క్రిముల విషయంలో అది నిజమే. బాసిల్లస్, క్లాస్ట్రిడియం జాతుల దగ్గర మాత్రం ఆ లెక్క తప్పుతుంది. వంటవాళ్లు, పచ్చళ్ల వ్యాపారం చేసేవాళ్లు, నర్సులు, మైక్రోబయాలజీ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు.

ఎండోస్పోర్ అంటే ఏమిటి? బూజు స్పోర్, ఇది ఒకటేనా?

ఒకటి కాదు. బూజుకు స్పోర్ అంటే సంతానం. ఒక్కో బూజు లక్షల స్పోర్లను గాల్లోకి వదులుతుంది, నీళ్లు మరిగే వేడికి అవి దాదాపు అన్నీ చస్తాయి. బ్యాక్టీరియా ఎండోస్పోర్ సంతానం కాదు. ఒక కణం నుంచి ఒక్క స్పోరే వస్తుంది, తర్వాత దాని నుంచి మళ్లీ ఒక్క కణమే వస్తుంది. లెక్క పెరగదు, ప్రాణం నిలుస్తుంది అంతే.

తిండి అయిపోతోందని తెలియగానే కణం తన డీఎన్‌ఏకి నకలు తీసుకుని, ఒక చివరగా అడ్డుగోడ కడుతుంది. పెద్ద భాగం చిన్న భాగాన్ని చుట్టేసి తనలోకి మింగేస్తుంది. అప్పటినుంచి పెద్ద కణం పనంతా లోపలున్న చిన్నదానికి పొరలు కట్టడమే. ప్రయోగశాలలో బాసిల్లస్ సబ్‌టిలిస్‌కి ఇదంతా పూర్తి కావడానికి సుమారు 8 గంటలు పడుతుంది. పని అయ్యాక పెద్ద కణం పగిలిపోతుంది, స్పోర్ బయటపడుతుంది. 1876లో ఫెర్డినాండ్ కోన్ బాసిల్లస్ సబ్‌టిలిస్‌లో, రాబర్ట్ కోచ్ ఆంత్రాక్స్ బ్యాక్టీరియాలో ఈ దశను విడివిడిగా గమనించి వివరించారు.

అంత వేడిని అది ఎలా తట్టుకుంటుంది?

పైనున్న మందపాటి పొర వల్ల అనుకుంటారు చాలామంది. పొర రసాయనాల నుంచి కాపాడుతుంది కానీ, వేడి పొరలను దాటి లోపలికి వెళ్తూనే ఉంటుంది. స్పోర్ లోపల కూడా 100 డిగ్రీలే ఉంటుంది. అసలు కిటుకు నీళ్లలో ఉంది. తడి వేడికి ప్రొటీన్లు విప్పుకుపోయి ముద్దకట్టాలంటే వాటి చుట్టూ కదలడానికి నీరుండాలి. మామూలు కణంలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. స్పోర్ నడిమి భాగంలో అది పావు నుంచి సగం దాకా మాత్రమే. ఖాళీ అయిన చోటును కాల్షియంతో కలిసిన డైపికోలినిక్ ఆమ్లం నింపుతుంది. స్పోర్ ఎండు బరువులో సుమారు పదో వంతు ఇదే ఉంటుంది. లోపలి ప్రొటీన్లు అటూ ఇటూ కదలలేని స్థితిలో ఉండిపోతాయి, అందుకే తొందరగా చెడవు.

డీఎన్‌ఏకి వేరే కాపలా ఉంది. చిన్న చిన్న ప్రొటీన్లు దాన్ని గట్టిగా పట్టుకుని, అతినీలలోహిత కిరణాలకు, కొన్ని రసాయనాలకు దెబ్బతినకుండా చూస్తాయి. స్పోర్ మొలిచేటప్పుడు ఆ ప్రొటీన్లే విరిగి కొత్త కణానికి మొదటి తిండి అవుతాయి.

అయితే ఏ వేడికి చస్తుంది?

"ఏ వేడికి" అని అడిగితే సగం ప్రశ్నే. "ఏ వేడికి, ఎంతసేపు" అని అడగాలి. ఒక వేడి దగ్గర స్పోర్లలో 90 శాతం చావడానికి పట్టే సమయాన్ని డి-విలువ అంటారు. బాటులిజం అంటే విషమెక్కిన తిండితో కండరాలు చచ్చుబడే ప్రమాదకరమైన జబ్బు. దాన్ని తెచ్చే క్లాస్ట్రిడియం బాటులినమ్‌లో వేడిని బాగా తట్టుకునే రకానికి 121 డిగ్రీల దగ్గర డి-విలువ 0.21 నిమిషం. అంటే 13 సెకన్లలో పదింట తొమ్మిది పోతాయి, ఇంకో 13 సెకన్లలో మిగిలిన వాటిలో పదింట తొమ్మిది పోతాయి. క్యానింగ్ పరిశ్రమ ఇలా 12 సార్లు లెక్క కడుతుంది: 12 ఇంటూ 0.21, అంటే 2.52 నిమిషాలు. దాన్నే 3 నిమిషాలుగా తీసుకుంటారు.

ఇదే స్పోర్‌ను 100 డిగ్రీల దగ్గర మరిగిస్తే? వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా డి-విలువ దాదాపు పది రెట్లవుతుంది. 111 దగ్గర 2.1 నిమిషాలు, 101 దగ్గర 21 నిమిషాలు, 100 దగ్గర సుమారు 26 నిమిషాలు. 12 సార్లు కావాలంటే 5 గంటలకు పైనే మరగాలి. అరగంట మరిగించిన డబ్బాలో పదో వంతుకు కాస్త తక్కువ స్పోర్లు ఇంకా బతికే ఉంటాయన్నమాట. ఇంట్లో మరిగించి సీసాలో బిగించిన కూరగాయలతో బాటులిజం రావడానికి కారణం ఈ లెక్కే.

మా ప్రెషర్ కుక్కర్ దాదాపు 120 డిగ్రీలకు వెళ్తుంది కదా, సరిపోదా?

ఆవిరి అంత వేడికి వెళ్తుంది, నిజమే. లోపలున్న గిన్నెలోని ముద్దపప్పు నడిమికి ఆ వేడి ఎప్పుడు చేరిందో మాత్రం తెలీదు. కుక్కర్‌లో గాలి మిగిలితే అసలు వేడి తగ్గిపోతుంది కూడా. అయినా అప్పటికప్పుడు తినే పప్పుకు ఈ గొడవే లేదు. తినే తిండిలో నాలుగు స్పోర్లు ఉన్నంత మాత్రాన పెద్దవాళ్లకు ఏమీ కాదు, రోజూ తింటూనే ఉన్నాం. అవి మొలిచి పెరగడానికి టైమ్ ఇచ్చినప్పుడే ప్రమాదం. కుక్కర్‌లో వండి సీసాలో బిగించి నెల రోజులు బయట పెడదాం అనుకుంటే మాత్రం ఆ పని చేయకండి.

మరి ఆవకాయ ఏడాది పొడుగునా బయటే ఉంటుందిగా?

స్పోర్లు అందులోనూ ఉంటాయి. మొలిచినా పెరగలేవు. పులుపును కొలిచే అంకె పీహెచ్, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. క్లాస్ట్రిడియం బాటులినమ్ పెరగాలంటే పీహెచ్ 4.6 కంటే ఎక్కువ ఉండాలి. పుల్లటి మామిడికాయ దాన్ని అంతకంటే కిందికి లాగుతుంది, పైగా ఉప్పు తోడు. నూనె పాత్ర మనం అనుకునేంత లేదు. నూనె బూజును ఆపుతుంది. గాలిని కూడా ఆపుతుంది కాబట్టి, గాలి పడని క్లాస్ట్రిడియాలకు అది మేలే చేస్తుంది. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో వేసిన తరిగిన వెల్లుల్లితో 36 మందికి బాటులిజం వచ్చింది. వెల్లుల్లికి పులుపు లేదు, నూనె గాలిని అడ్డుకుంది, ఫ్రిజ్‌లో పెట్టలేదు. ఆ మూడూ ఒకచోట కలిశాయి.

ఇప్పుడు చికెన్, రొయ్యల పచ్చళ్లు ఇళ్లలో చేసి అమెరికా దాకా పంపుతున్నారు. నాకు టెన్షన్ వీటి గురించే. మాంసానికి సొంత పులుపు లేదు. మంట ఆర్పాక పైన పిండిన నిమ్మరసం మసాలాలో పుల్లగా తగులుతుంది, ముక్క నడిమిలోకి చేరిందా అన్నది వేరే మాట. తెలుసుకోవాలంటే పచ్చడి పెట్టిన కొన్ని రోజుల తర్వాత ముక్కలను మాత్రమే తీసి, నూనె తుడిచి, కాసిని డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తగా రుబ్బి, క్రమాంకనం చేసిన మీటర్‌తో పీహెచ్ చూడాలి. రంగు కాగితం చాలదు, కారం ఎరుపులో దాని రంగు కనబడదు. 4.6 కంటే స్పష్టంగా తక్కువ రాకపోతే, ముక్కలు పూర్తిగా ఎండేలా వేయించకపోతే, ఆ సీసా ఫ్రిజ్‌లో ఉండాలి. వాక్యూమ్ ప్యాకింగ్ చేస్తే రక్షణ పెరిగిందనుకోవద్దు. గాలి తీసేయడం ఈ బ్యాక్టీరియాకు అడ్డు కాదు, సాయం.

బాటులినమ్ విషం ఉన్నంత మాత్రాన వాసన మారాలని లేదు. రుచి చూసి తేల్చుకోవడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. రెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం మొదలైతే అది అజీర్తి కాదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, ఏం తిన్నారో డాక్టరుకు చెప్పాలి.

పెళ్లి భోజనం తిన్న మర్నాడు అందరికీ ఒకేసారి విరేచనాలు ఎందుకు?

అన్నిసార్లూ ఒకటే కారణం కాదు. కానీ రాత్రి వండిన మాంసం కూర మర్నాడు మధ్యాహ్నం వడ్డించి, ఆ రాత్రి నుంచే కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు మొదలై, జ్వరం, వాంతులు పెద్దగా లేకపోతే మొదట అనుమానించాల్సింది క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్‌ని. తిన్న 8 నుంచి 16 గంటలకు మొదలై, సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది.

జరిగేది ఇది. పెద్ద డేగిసాలో నలభై కిలోల మటన్ కూర ఉందనుకోండి. గంటసేపు మరిగింది, మామూలు బ్యాక్టీరియా అంతా పోయింది. గ్రాముకు ఓ పది స్పోర్లు మిగిలాయనుకుందాం. మరగడం వాటికి మూడు రకాలుగా కలిసొచ్చింది: పోటీ పడే క్రిములు పోయాయి, కూరలోని గాలి బయటికి పోయింది, ఆ వేడే స్పోర్లను మొలకెత్తడానికి సిద్ధం చేసింది. మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే చల్లారడం అంచుల్లోనే. నడిమి భాగం గంటల తరబడి 50 నుంచి 30 డిగ్రీల మధ్యే నడుస్తుంది. పర్‌ఫ్రింజెన్స్ 43-45 డిగ్రీల దగ్గర పది నిమిషాలకే రెట్టింపు కాగలదు. మనం 15 నిమిషాలనే వేసుకుందాం. మొలవడానికి ఓ గంట పోయినా, తర్వాతి 5 గంటల్లో 20 రెట్టింపులు, అంటే సుమారు 10 లక్షల రెట్లు. గ్రాముకు పది ఉన్నవి కోటి అయ్యాయి. వంద గ్రాముల ముక్కలు తిన్నవాడి పొట్టలోకి వంద కోట్లు వెళ్లాయి. అందులో చాలా భాగం పొట్టలోని ఆమ్లానికి చచ్చినా, మిగిలినవి పేగులో మళ్లీ స్పోర్లుగా మారుతూ విషాన్ని వదులుతాయి. విరేచనాలు ఆ విషం వల్లే.

కాబట్టి తప్పు వంటలో కాదు, చల్లార్చడంలో ఉంది. వడ్డించే దాకా 60 డిగ్రీలకు పైన ఉంచండి. నిల్వ చేయాలంటే రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఇంకో నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దించండి. డేగిసాతో అది కుదరదు. రెండంగుళాల లోతుకు మించకుండా వెడల్పు ట్రేలలో పోసి, ఐసు నీళ్లలో పెట్టి కలుపుతూ ఉంటే కుదురుతుంది. ట్రేలు ఎక్కడ దొరుకుతాయండీ అంటే, రాత్రే వండకుండా తెల్లవారి వండటం అంతకంటే సులువు.

తినేముందు మళ్లీ బాగా వేడి చేస్తే సరిపోతుందా?

ఏ బ్యాక్టీరియా అన్నదాన్ని బట్టి. పర్‌ఫ్రింజెన్స్‌కి చాలావరకు సరిపోతుంది. ఎందుకంటే దాని విషం కూరలో కాదు, మన పేగులో తయారవుతుంది. కూరంతా నడిమి దాకా 75 డిగ్రీలు దాటేలా మరిగిస్తే పెరిగిన కణాలు చస్తాయి, మిగిలిన కొద్ది స్పోర్లతో ఇబ్బంది ఉండదు. గోరువెచ్చగా చేసి వడ్డిస్తే మాత్రం పని రెట్టింపు చెడుతుంది.

అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ వేరు. దాంట్లో ఒక రకం సెరులైడ్ అనే విషాన్ని అన్నంలోనే తయారు చేసి పెడుతుంది. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా చెక్కుచెదరదు. పొట్టలోని ఆమ్లానికీ లొంగదు. నిన్నటి అన్నాన్ని ఎంత పెద్ద మంట మీద ఫ్రైడ్ రైస్ చేసినా బ్యాక్టీరియా చస్తుంది, విషం ప్లేటులోకి వస్తుంది. అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. ఇదే బ్యాక్టీరియా పేగులో విషం వదిలే రకం ఇంకొకటుంది. దానికి 8 నుంచి 16 గంటల తర్వాత విరేచనాలు వస్తాయి.

వాంతులు ఎన్ని గంటలకు మొదలయ్యాయో రాసుకోమని ఫుడ్ సేఫ్టీ అధికారులు అడిగేది అందుకే. ఆ ఒక్క వివరమే దర్యాప్తును సగం దారి తీసుకెళ్తుంది.

పులుసు రోజూ మరిగించి పెడితే మూడు రోజులైనా బావుంటుంది, అది తప్పా?

ఇందులో ఒక నిజం ఉంది. 1877లో జాన్ టిండాల్ ఎండుగడ్డి కషాయాన్ని గంటల తరబడి మరిగించినా అది మళ్లీ చెడిపోవడం చూశాడు. ఒకేసారి ఎక్కువసేపు కాకుండా, మధ్యలో విరామమిస్తూ కొద్దికొద్దిసేపు కొన్నిసార్లు మరిగిస్తే చెడలేదు. విరామంలో స్పోర్ మొలిచి మామూలు కణమవుతుంది, రెండోసారి మరుగు దాన్ని చంపుతుంది. మొలవని స్పోర్‌ను మాత్రం ఆ మరుగు కూడా తాకలేదు.

చింతపండు పులుసుకు పులుపే సగం కాపలా. అదే పని ముద్దపప్పుకో, మాంసం కూరకో చేస్తే రెండు మరుగుల మధ్య గంటల్లో కణాలు పెరుగుతాయి, సెరులైడ్ లాంటి విషం తయారైతే మళ్లీ మరిగించినా పోదు. ఫ్రిజ్ ఉన్నవాళ్లకు ఈ శ్రమ ఎందుకు?

చద్దన్నం తినొచ్చా?

అన్నం వార్చి చల్లారాక మజ్జిగ పోసి పెడితే పులుపు మొదటి నుంచే ఉంటుంది, పెరుగు బ్యాక్టీరియా దాన్ని ఇంకా పెంచుతుంది. పీహెచ్ తగ్గేకొద్దీ బాసిల్లస్ సీరియస్ నెమ్మదిస్తుంది. కుక్కర్ గిన్నెలోనే మూతపెట్టి వదిలేసిన వట్టి అన్నం చద్దన్నం కాదు. అందులో ఎవరూ సీరియస్‌కి పోటీ లేరు.

పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయొచ్చా?

వద్దు. ఏడాది నిండేదాకా అస్సలు వద్దు. కొన్ని తేనెల్లో క్లాస్ట్రిడియం బాటులినమ్ స్పోర్లు ఉంటాయి. తేనెలో నీరు తక్కువ కాబట్టి అక్కడ పెరగవు. పెద్దల పేగులో అప్పటికే ఉన్న బ్యాక్టీరియా వాటికి చోటివ్వదు. పసిపాప పేగులో ఆ కాపలా ఇంకా ఏర్పడలేదు, అక్కడ మొలిచి విషం చేస్తాయి. మొదట మలబద్ధకం, తర్వాత పాలు సరిగా తాగకపోవడం, ఏడుపు నీరసించడం, మెడ నిలవకపోవడం కనబడతాయి. తేనెను ఇంట్లో వేడి చేసినా లాభం లేదు, కారణం పైన చెప్పిన లెక్కలోనే ఉంది. అమ్మమ్మలకు ఇది చెప్పడం కష్టమే, కానీ చెప్పాలి.

ఆస్పత్రిలో శానిటైజర్ వాడుతూనే ఉన్నా సి. డిఫిసిల్ ఎందుకు పాకుతుంది?

ఆల్కహాల్ స్పోర్లను చంపదు కాబట్టి. అసలు కొన్ని ప్రయోగశాలల్లో స్పోర్లను వేరు చేయడానికి మిగతా బ్యాక్టీరియాను ఆల్కహాల్‌తోనే చంపుతారు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్, పాత పేరుతో క్లాస్ట్రిడియం డిఫిసిల్, విరేచనాలతో పాటు స్పోర్లను మంచం చట్రం, కమోడ్, బీపీ కఫ్ మీద వదులుతుంది. అక్కడ నెలల తరబడి ఉండగలదు. శానిటైజర్ రాసుకున్న చేయి వాటిని పక్క మంచానికి మోస్తుంది. ఇక్కడ సబ్బు, నీళ్లే మేలు. సబ్బు కూడా స్పోర్‌ను చంపదు, రుద్ది కడిగితే చేతి మీద నుంచి కొట్టుకుపోతుంది. గ్లౌజులు వేసుకోవడం ఇంకా మేలు.

మింగిన ప్రతివాళ్లకూ జబ్బు రాదు. ఈ స్పోర్ మొలవడానికి పేగులోని పైత్య లవణాలు సైగనిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పేగులో మన సొంత బ్యాక్టీరియా ఆ లవణాలను వేరే రూపంలోకి మార్చేసి, మొలిచిన కణాన్ని పెరగనివ్వదు. క్లిండమైసిన్, సెఫలోస్పోరిన్లు, ఫ్లోరోక్వినలోన్లు లాంటి యాంటీబయాటిక్స్ ఆ సొంత బ్యాక్టీరియాను తుడిచేస్తే దారి తెరుచుకుంటుంది. మందుతో తగ్గాక కూడా సుమారు ఐదుగురిలో ఒకరికి తిరగబెట్టడం ఇందువల్లే: వాంకోమైసిన్ కణాలను చంపుతుంది, పేగులో మిగిలిన స్పోర్లను కాదు.

ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో 2003-2005 మధ్య రెండు విడతలుగా ఇది వ్యాపించి 334 మందికి సోకింది, కనీసం 33 మంది చనిపోయారు. విరేచనాలున్న రోగులను వేరే గదుల్లోకి త్వరగా మార్చకపోవడాన్ని తర్వాత జరిగిన విచారణ తప్పుపట్టింది. విరేచనాలు మొదలైన రోజే, రిపోర్టు కోసం ఆగకుండా, విడిగా ఉంచడం ఎందుకు ముఖ్యమో దాన్ని బట్టి తెలుస్తుంది.

గది శుభ్రానికి ఏది వాడాలి?

క్లోరిన్. మామూలు ఫ్లోర్ క్లీనర్లలో ఉండే క్వాటర్నరీ అమ్మోనియం మందులు స్పోర్లను చంపలేవు. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఒక పాలుకు తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపితే 5,000 పీపీఎం వస్తుంది. ముందు మలం, మురికి పూర్తిగా తుడిచి కడగాలి. మురికి తగిలితే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. తర్వాత ద్రావణం రాసి పది నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. మన ఎండాకాలంలో సీసాలోని హైపోక్లోరైట్ బలం వారాల్లోనే పడిపోతుంది, కాబట్టి తయారీ తేదీ చూడండి, కలిపిన ద్రావణాన్ని ఆ రోజే వాడేయండి. టాయిలెట్ క్లీనింగ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఆటోక్లేవ్ టేపు మీద నల్ల చారలు వచ్చాయంటే స్టెరైల్ అయినట్టేనా?

కాదు. ఆ ప్యాకెట్ వేడిని చూసిందని మాత్రమే టేపు చెబుతుంది. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆవిరి లోపలి దాకా నిలిచిందా అన్నది స్పోరే చెప్పాలి. అందుకే జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ స్పోర్లున్న చిన్న వయల్‌ను లోడులో ఆవిరికి అందడం అన్నిటికంటే కష్టమైన చోట, మామూలుగా కింద డ్రెయిన్ దగ్గర, పెడతారు. తర్వాత దాన్ని 55-60 డిగ్రీల దగ్గర ఇంక్యుబేట్ చేస్తారు. ఎక్కువగా వాడే రకంలో ఊదారంగు అలాగే ఉంటే పాస్, పసుపైతే స్పోర్ బతికిందని అర్థం. అదే బ్యాచ్ వయల్ ఒకటి ఆటోక్లేవ్‌లో పెట్టకుండా పక్కన ఇంక్యుబేట్ చేయడం మర్చిపోవద్దు. అది పసుపు కాకపోతే స్పోర్లు ముందే చచ్చాయి, పరీక్షకు అర్థం లేదు.

ఫెయిల్ అయితే చాలాసార్లు దోషం గాలిది. డ్రమ్ములు కుక్కి నింపడం, మూత పెట్టిన పాత్రలు బోర్లించకుండా నిటారుగా ఉంచడం వల్ల గాలి చిక్కుకుంటుంది, ఆవిరి అక్కడికి చేరదు.

ఇక స్పిరిట్‌లో ముంచిన పరికరాన్ని స్టెరైల్ అనడం ఆపేయాలి. 2011లో అమెరికాలో ఆల్కహాల్ స్వాబ్‌ల్లోనే బాసిల్లస్ సీరియస్ ఉందని తేలి వాటిని పెద్ద ఎత్తున వెనక్కి రప్పించారు.

దొమ్మతో చచ్చిన పశువును కోయొద్దని పశువుల డాక్టరు ఎందుకంటారు?

దొమ్మ అంటే ఆంత్రాక్సే. ఆ బ్యాక్టీరియా స్పోర్‌గా మారాలంటే గాలి తగలాలి. కోయని కళేబరంలో గాలి లేదు, కుళ్లే క్రమంలో ఆ కణాలు చాలావరకు చస్తాయి. కోసి రక్తం నేల మీద పడితే అక్కడే స్పోర్లవుతాయి, ఏళ్ల తరబడి ఆ మేతబీడులో ఉండిపోతాయి. స్కాట్లాండ్‌లోని గ్రుయినార్డ్ దీవి మీద 1942లో బ్రిటన్ ఆంత్రాక్స్ ప్రయోగాలు చేసింది. 1986లో ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీటితో నేలను తడిపాక, 1990లో గానీ ఆ దీవిని సురక్షితమని ప్రకటించలేదు.

మేకో, గొర్రో ఉన్నట్టుండి పడి చచ్చి, ముక్కు నుంచో, మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే తోలు తీయకండి, మాంసం పంచకండి. కుక్కలు లాగకుండా చూసి పశువైద్యశాలకు కబురు చేయండి. డాక్టరు చెవి దగ్గర చిన్న గాటుతో రక్తపు చుక్క తీసి స్లైడు మీద చూస్తారు, తర్వాత కళేబరాన్ని కాల్చడమో, లోతుగా పూడ్చడమో వాళ్ల సమక్షంలోనే జరగాలి.